ఐదు నెలల పనికి సెల్ఫ్ అప్రైజల్: ఫ్రెషర్ ఏం రాయాలి, ఎలా రాయాలి

మార్చిలో హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తుంది, ఫలానా తేదీలోగా పోర్టల్‌లో సెల్ఫ్ అప్రైజల్ నింపమని. లింక్ తెరిస్తే ఐదారు గోల్స్, ఒక్కోదాని కింద ఖాళీ పెట్టె, పక్కన 1 నుంచి 5 దాకా రేటింగ్. సీనియర్లకైతే రాసుకోవడానికి రిలీజులుంటాయి, క్లయింట్ మెచ్చుకున్న మెయిల్స్ ఉంటాయి. మీరేమో జులైలో చేరారు, అక్టోబర్ దాకా ట్రైనింగ్, ప్రాజెక్టులోకి వచ్చి గట్టిగా ఐదు నెలలు. ఏం రాయాలో తోచక రోజులు గడిపేసి, చివరి రోజు రాత్రి పదకొండింటికి పక్క సీటు అబ్బాయి ఫారం అడిగి తెచ్చుకుని, నాలుగు మాటలు అటూ ఇటూ మార్చి సబ్మిట్ కొట్టేస్తారు. చదివేవాళ్లకు ఆ రెండు ఫారాలూ ఒకే మధ్యాహ్నం వరసగా వస్తాయన్న సంగతి అప్పుడు గుర్తుండదు.

నేను హైదరాబాద్‌లో ఒక అప్లికేషన్ సపోర్ట్ ప్రాజెక్టుకు టీమ్ లీడ్‌ని. ఏటా పదీ పన్నెండు ఫారాలు చదువుతాను, అందులో సగం ఫ్రెషర్లవే. ఫ్రెషర్ ఫారంలో ఘనకార్యాల కోసం నేను వెతకను. ఈ మనిషికి పని అప్పజెప్పి మళ్లీ వెనక్కి తిరిగి చూడకుండా ఉండొచ్చా అన్నదే చూస్తాను. నవంబర్‌లో చేతకానిది మార్చికి వచ్చిందా, ఇచ్చిన పని గుర్తు చేయకుండా జరిగిందా, టీమ్‌లో మిగిలిపోయే చిన్న వస్తువేదైనా చేశారా అని. మీ దగ్గర రాయడానికి ఉన్నవి కూడా ఈ మూడే.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. ఫారం నా దగ్గర ఆగదు. మేనేజర్లందరూ కూర్చునే రేటింగుల మీటింగ్ ఒకటి ఉంటుంది, కాలిబ్రేషన్ అంటారు. తెరమీద పాతిక ముప్ఫై పేర్లు ఉంటాయి. ఒక్కో ఫ్రెషర్ గురించి మాట్లాడటానికి మా మేనేజర్‌కు దొరికేది నిమిషమో అంతకన్నా తక్కువో. అవతల టీమ్ మేనేజర్ "ఈ అమ్మాయి ఏం చేసింది?" అని అడిగితే, మీ ఫారంలోంచి రెండు వాక్యాలు తీసి చదవగలగాలి. మీరు లేని గదిలో మీ తరఫున ఇంకొకరు చదవడానికి రాస్తున్నారని గుర్తుపెట్టుకుంటే, ఏది రాయాలో ఏది వదిలేయాలో సగం తేలిపోతుంది.

కిందటేడు మా టీమ్‌లో ఒక అమ్మాయి "అక్కా, నాకు రాయడానికేం లేదు" అంటూ నా దగ్గరకొచ్చింది. ఆ ఫారం ఎలా తయారైందో చెబుతాను. వివరాలు కొంచెం మార్చాను.

మొదటి పని: రాయకండి, ఏరుకోండి

పోర్టల్ తెరవకముందు ఒక సాయంత్రం పూర్తిగా ఆధారాలు ఏరడానికి పెట్టుకోండి. జ్ఞాపకం మీద రాస్తే చివరి మూడు వారాలే గుర్తొస్తాయి. నవంబర్‌లో కిందా మీదా పడి నేర్చుకున్నది ఇప్పుడు మామూలైపోయి, నేర్చుకున్నట్టే అనిపించదు.

టికెట్ల టూల్‌తో మొదలుపెట్టండి. మీ ప్రాజెక్టులో Jira ఉంటే సెర్చ్‌లో ఇది పెట్టండి, తేదీ మీది వేసుకుని:

```
assignee was currentUser() AND created >= "2024-11-01" ORDER BY created ASC
```

ఇక్కడ `was` కావాలనే పెట్టాను. `=` పెడితే ఇప్పుడు మీ పేరు మీదున్నవే వస్తాయి. మీరు సగం పని చేసి సీనియర్‌కు అప్పగించినవి జారిపోతాయి. ఫ్రెషర్ చేసే పనిలో అలాంటివే ఎక్కువ. ServiceNow అయితే ఇన్సిడెంట్ల లిస్టును `Resolved by` మీద ఫిల్టర్ చేయండి.

తర్వాత మీ సెంట్ మెయిల్స్ తిరగేయండి, క్యాలెండర్ నెల నెలా చూడండి, టీమ్ చాట్‌లో మీ పేరు వెతకండి. చాట్‌లో "థ్యాంక్స్, పని చేసింది" అని ఎవరో పెట్టిన ఒక్క లైను మీరు పూర్తిగా మర్చిపోయిన పనిని గుర్తుచేస్తుంది. దొరికినవన్నీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే ఒక ఫైల్లో తేదీ, పని, లింకు అని మూడు గళ్లుగా రాసుకోండి. ఇంట్లో తీరిగ్గా చూసుకుందామని సొంత మెయిల్‌కు పంపుకోవద్దు. క్లయింట్ డేటా బయటికి పోయిందని సెక్యూరిటీ టీమ్ అడిగితే అప్రైజల్ సంగతి దేవుడెరుగు, ఉద్యోగానికే ముప్పు.

ఆ అమ్మాయి ఇలా ఏరుకుంటే తేలింది ఇది. ఐదు నెలల్లో మూసినవి 118 టికెట్లు. ఆరు వారాలు మార్నింగ్ షిఫ్ట్. బ్యాచ్ జాబ్ ఫెయిలైతే ఏం చేయాలో రాసిన ఒక పేజీ. ట్రైనింగ్ నెలల్లో పాసైన AZ-900 సర్టిఫికేషన్. డిసెంబర్‌లో యూజర్ చేత తిట్లు తిన్న ఒక మెయిల్. "ఏం లేదు" అన్న మనిషి దగ్గర ఇంత ఉంది.

రెండో పని: ముందు తెలుగులో చెప్పుకోండి

ఫారం ఇంగ్లీషులోనే నింపాలి, నిజమే. కానీ నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే చేతికి ముందుగా వచ్చేవి అరువు మాటలు: క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్, హార్డ్ వర్కింగ్. ఇవి ప్రతి ఫారంలోనూ ఉంటాయి కాబట్టి నా కళ్లు వాటిమీద నిలవవు. ఇంట్లో అక్క "ఆఫీసులో ఏం చేస్తావే?" అని అడిగితే ఎలా చెబుతారో అలా ముందు తెలుగులో రాసుకోండి. అక్కకు "నేను స్టేక్‌హోల్డర్లతో కొలాబరేట్ చేశాను" అని చెప్పరు కదా. "పొద్దున్నే ఏడున్నరలోపు రాత్రి జాబులన్నీ నడిచాయో లేదో చూసి మెయిల్ పెట్టాలి" అంటారు. అదే కావాలి. తర్వాత దాన్ని తేలిక ఇంగ్లీషులోకి మార్చుకోవచ్చు.

తెలుగులో రాసుకునేటప్పుడు ఒక ఉచ్చు మాత్రం ఉంది. "చేయడం జరిగింది" అని రాసే అలవాటు మనకు. ఎవరు చేశారు? తెలీదు, జరిగింది. అది ఇంగ్లీషులోకి వెళ్లినా అలాగే వెళ్తుంది, టికెట్లు వాటంతట అవే మూతపడ్డట్టు. దీని తోబుట్టువు "మేము చేశాం". నలుగురు చేసిన పనిలో మీ వాటా ఎంతో అందులో కనిపించదు. సొంత డబ్బా అనుకుంటారేమోనన్న మొహమాటంతోనే ఇలా రాస్తారని నాకు తెలుసు. టీమ్ చేసినది టీమ్ పేరునే ఉంచండి, మీ ముక్క ఏదో విడిగా చెప్పండి: "డేటా మైగ్రేషన్ టీమ్ చేసింది, అందులో పాత రికార్డులూ కొత్త రికార్డులూ సరిపోల్చే పని నాది." ఇందులో డబ్బా లేదు, దాపరికమూ లేదు.

నేర్చుకున్నది చూపించడం

చాలామంది ఇక్కడ కోర్సుల పేర్లు పేరుస్తారు. AZ-900 పాసయ్యాను, ఫలానా వీడియోలు 20 గంటలు చూశాను అని. సర్టిఫికెట్ ఉందని హెచ్‌ఆర్ సిస్టమ్‌లో ఎలాగూ కనిపిస్తుంది. నాకు కావలసింది దాని తర్వాతి మాట, అది ఎక్కడ పనికొచ్చింది అన్నది. ఎక్కడా పనికిరాకపోతే ఒక్క లైనులో పేరు చెప్పి ముందుకు వెళ్లండి.

నేర్చుకున్నదానికి రెండు చివర్లు ఉండాలి, మొదట ఎక్కడున్నారు, ఇప్పుడు ఎక్కడున్నారు. ఆ అమ్మాయి మొదట రాసింది "ఎస్‌క్యూఎల్ నేర్చుకున్నాను" అని. దీన్నుంచి నేనేం గ్రహించాలి? ఒక కోర్సు చూశారనా, ప్రొడక్షన్‌లో డేటా సరిచేయగలరనా? కాసేపు కూర్చుని మాట్లాడుకున్నాక ఇలా మారింది:

"నవంబర్‌లో పాలసీ వివరాలు కనిపించని టికెట్ వస్తే క్వెరీ రాసిపెట్టమని సీనియర్‌ను అడిగేదాన్ని. జనవరి నుంచి కస్టమర్, పాలసీ, పేమెంట్ టేబుళ్లను కలిపే క్వెరీలు నేనే రాస్తున్నాను. ఫిబ్రవరి, మార్చిలో ఈ రకం టికెట్లు 14 వస్తే 12 సీనియర్ సాయం లేకుండా మూశాను. మిగిలిన రెండింటిలో డేటా మార్చాల్సి ఉంది. దానికి నాకు అనుమతి లేదు కాబట్టి అప్పగించాను."

చివరి రెండు వాక్యాలు తీసేద్దామా అని అడిగింది, రెండు చేయలేకపోయానని తెలుస్తుంది కదా అని. వద్దన్నాను. 14కు 14 అని ఉంటే నేను అనుమానంగా చూసేదాన్ని. ఎక్కడ ఆగాలో తెలిసిన ఫ్రెషర్ కనపడేది ఆ రెండు వాక్యాల్లోనే.

బెంచ్ మీద ఉన్న నెలలున్నా ఇదే పద్ధతి. ఆ నెలల్ని దాచకండి, సాగదీయకండి. "ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు ప్రాజెక్టు లేదు, ఆ సమయంలో ఇది చదివాను, అది నవంబర్‌లో ఇక్కడ వాడాను" అంటే సరిపోతుంది.

నమ్మకం: దీన్ని రాయడమే కష్టం

ఫ్రెషర్ దగ్గర నేను అన్నిటికన్నా విలువిచ్చేది దీనికే. రాయడంలో అందరూ తప్పేదీ ఇక్కడే. అనుకున్న పని అనుకున్నట్టు జరిగితే అది ఎవరి కంటా పడదు. పడేది జరగనిరోజునే. అందుకే "నేను నమ్మకంగా పనిచేస్తాను" అని రాసి ఊరుకుంటారు. ఆ మాట మీ గురించి ఎదుటివాళ్లు చెప్పాలి. మీరు రాయాల్సింది వాళ్లు అలా చెప్పేందుకు కావలసిన లెక్క.

పదే పదే చేసే పని ఒకటి పట్టుకోండి. రోజూ పెట్టే స్టేటస్ మెయిల్, వారం వారం పంపే రిపోర్ట్, షిఫ్ట్ హ్యాండోవర్ నోట్, ఏదైనా. దానికి గడువు ఎంత, ఎన్నిసార్లు చేశారు, ఎన్నిసార్లు తప్పింది, తప్పినరోజు ఏం చేశారు? ఆ అమ్మాయికి మార్నింగ్ షిఫ్ట్‌లో రాత్రి బ్యాచ్ జాబులు చూసి 7:30 లోపు క్లయింట్‌కు మెయిల్ పెట్టే పని ఉండేది. ఆరు వారాలు, 30 పనిరోజులు. సెంట్ మెయిల్స్‌లో వరసగా టైములు చూసుకుంది. 29 రోజులు 7:30 లోపే వెళ్లాయి. ఒక్క రోజు ఆమె పేరుతో మెయిల్ లేదు.

ఆ రోజు గురించి అడిగాను. ఇంట్లో వీపీఎన్ కలవలేదట. రెండుసార్లు ప్రయత్నించి, 7:05కి షిఫ్ట్‌లో ఉన్న సీనియర్‌కు ఫోన్ చేసి, "అన్నా, నాది కలవట్లేదు, ఇవాళ మెయిల్ మీరు పెడతారా?" అంది. మెయిల్ 7:25కి ఆయన పేరుతో వెళ్లింది. ఇది రాయలేదేమని అడిగితే, "అది నా ఫెయిల్యూర్ కదక్కా" అంది. కాదు. గడువు దాటాక సారీ చెప్పడం వేరు, గడువుకు 25 నిమిషాల ముందు చెప్పడం వేరు. ఆ ఫారం మొత్తంలో మా మేనేజర్ మీటింగ్‌లో చదివింది ఈ ముక్కే. ఫారంలో ఉన్నది ఇంతే: "30 రోజుల్లో 29 రోజులు 7:30 లోపు నేనే పంపాను. వీపీఎన్ సమస్య వచ్చిన ఒక రోజు 7:05కే సీనియర్‌కు చెప్పి, మెయిల్ సమయానికి వెళ్లేలా చూశాను."

లీవులు పెట్టలేదు, రాత్రి తొమ్మిదింటి దాకా ఆఫీసులోనే ఉన్నాను లాంటివి మాత్రం రాయకండి. ఎక్కువసేపు కూర్చోవడం నమ్మకానికి గుర్తు కాదు. కొందరు లీడ్లకు అది పని సర్దుకోవడం రాదన్నట్టు కూడా వినిపిస్తుంది.

చిన్న సాయం: పెద్దది చేయకుండా

ఫ్రెషర్ చేసే కంట్రిబ్యూషన్ చిన్నదే ఉంటుంది, దాన్ని ఊదితే వెంటనే తెలిసిపోతుంది. ఒక ఎక్సెల్ షీట్ చేసి "ప్రాసెస్ ఆటోమేషన్" అని పేరు పెడితే, మీటింగ్‌లో ఎవరో ఒకరు "ఏం టూల్ వాడాడు?" అని అడుగుతారు. అక్కడ మా పరువూ పోతుంది.

చిన్న పనికి విలువ దాన్ని ఇంకొకరు వాడటంలో ఉంది. మా ప్రాజెక్టులో రాత్రి వచ్చే ప్రీమియం ఫైల్ రాకపోతే జాబ్ ఫెయిలవుతుంది. కారణం కనుక్కోవడానికి కొత్తవాళ్లు ఆరు చోట్ల వెతికేవారు. ఈ అమ్మాయి మూడుసార్లు ఇరుక్కున్నాక, ముందు ఏ ఫోల్డర్ చూడాలి, తర్వాత ఏ లాగ్, ఎవరికి మెయిల్ పెట్టాలి, మెయిల్‌లో ఏం ఉండాలి అని వరసగా ఒక పేజీ రాసి టీమ్ వికీలో పెట్టింది. పేజీ పైన తేదీ ఉంది, కాబట్టి ముందూ వెనకా టికెట్లు తీసి చూశాం. పేజీకి ముందు ఆ రకం టికెట్లకు దాదాపు 40 నిమిషాలు పట్టేది, తర్వాత 15 దగ్గరికి వచ్చింది. కానీ టికెట్లు మొత్తం కలిపి తొమ్మిదే. తొమ్మిదింటి మీద "60 శాతం టైం తగ్గించాను" అని శాతాల్లో రాయడం నాకు నచ్చదు. 40 నుంచి 15 అని, తొమ్మిది టికెట్లు అని ఉన్నదున్నట్టు రాయమన్నాను. దాంతోపాటు, జనవరిలో చేరిన ఇద్దరు కొత్తవాళ్లు ఆ పేజీ చూసే పని చేస్తున్నారన్న మాట కలిపింది. నన్నడిగితే అంకె కన్నా ఆ మాటే బలమైనది.

మీ పనికి కొలత లేకపోతే కొలత పుట్టించకండి. ఎవరు వాడుతున్నారో చెప్పండి చాలు. రాసిన ప్రతి వాక్యానికీ ఒక పరీక్ష పెట్టుకోండి: లీడ్ "ఏదీ, చూపించు" అంటే నిమిషంలో లింకు తెరవగలరా? తెరవలేనిదాన్ని తీసేయండి.

ఆ డిసెంబర్ మెయిల్ సంగతి

"ఇంప్రూవ్ అవ్వాల్సినవి" అనే పెట్టె దాదాపు ప్రతి ఫారంలో ఉంటుంది. అక్కడ "నేను మరీ పర్ఫెక్షనిస్ట్‌ని" లాంటిది రాస్తే చదివేవాళ్లకు నవ్వొస్తుంది. నిజంగా జరిగిన ఒక తప్పు, అప్పటికే దిద్దుకోవడం మొదలుపెట్టినది, ఒక్కటి రాయండి. రెండోది వద్దు.

ఈ అమ్మాయి మొదట్లో తన వైపు పని అయిపోగానే టికెట్ మూసేసేది, యూజర్‌ను అడగకుండా. నవంబర్, డిసెంబర్‌లో మూసిన 38లో 6 మళ్లీ తెరుచుకున్నాయి. ఆరోదానికి యూజర్ మా అందరినీ కాపీ పెట్టి తిట్టాడు. జనవరి నుంచి మూసేముందు స్క్రీన్‌షాట్ పంపి, సరే అన్నాకే మూస్తోంది. జనవరి నుంచి మార్చి దాకా మూసిన 80లో తెరుచుకున్నవి 3. ఫారంలో ఈ లెక్క రాసి, కింద ఒక్క మాట చేర్చింది: "ఆ మూడూ యూజర్ రెండు రోజులు జవాబివ్వకపోతే మూసినవి, దీనికి ఏం చేయాలో లీడ్‌తో మాట్లాడాలి." ఆ మాట వల్ల మా ఇద్దరి మీటింగ్‌లో మాట్లాడుకోవడానికి అసలైన విషయం ఒకటి దొరికింది.

రేటింగ్, మీకు సంబంధం లేని గోల్స్

కొన్ని గోల్స్ సీనియర్ల ఫారంలోంచి అలాగే దిగి వస్తాయి. "క్లయింట్ రిలేషన్‌షిప్" అని ఉంటుంది, మీరు క్లయింట్‌తో మాట్లాడిందే లేదు. ఖాళీగా వదలకండి, కథ అల్లకండి. "ఈ కాలంలో ఈ గోల్ నా పనిలో లేదు, దీనికి దగ్గరగా నేను చేసింది రోజూ స్టేటస్ మెయిల్" అని రాయండి. ఫారం నింపకముందే లీడ్‌ను అడిగితే ఇంకా మంచిది, గోల్ మార్చే వీలు అప్పటికి ఉండొచ్చు. చేరిన తేదీని బట్టి కొన్ని కంపెనీల్లో ఈ సైకిల్‌కు మీరు లెక్కలోకే రాకపోవచ్చు, ఆ సంగతీ హెచ్‌ఆర్‌ను ముందే అడిగేయండి.

సెల్ఫ్ రేటింగ్‌లో, ఎలాగూ తగ్గిస్తారని అన్నిటికీ 5 పెట్టడం, మొహమాటంతో అన్నిటికీ 2 పెట్టడం, రెండూ చూశాను. చాలా ఫారాల్లో 3 అంటే అడిగినంత చేశారని అర్థం, తక్కువని కాదు. పెట్టెలో రాసినదీ పక్కన అంకే ఒకేమాట చెప్పాలి. ఆ అమ్మాయి స్టేటస్ మెయిల్ ఉన్న గోల్‌కు 4, మిగతావాటికి 3 పెట్టింది. 4 ఎందుకని అడిగితే చూపించడానికి 30 రోజుల లెక్క ఉంది కాబట్టి నేనూ మార్చలేదు.

పెట్టెలో పెట్టేముందు

పోర్టల్‌లో నేరుగా టైప్ చేయకండి. సెషన్ అయిపోయి గంట పని పోగొట్టుకున్నవాళ్లను ప్రతి మార్చిలో చూస్తాను. నోట్‌ప్యాడ్‌లో రాసుకుని అతికించండి. పెట్టెకు అక్షరాల పరిమితి ఉంటే చివరి వాక్యం మధ్యలో తెగిపోతుంది, అందుకని బలమైన వాక్యాన్ని మొదటే పెట్టండి. నేను కూడా ముందు చదివేది అదే. ఒక్కో పెట్టెకు నాలుగైదు వాక్యాలు చాలు. క్లయింట్ కస్టమర్ల పేర్లు, పాలసీ నంబర్లు ఎక్కడా ఉండకూడదు, టికెట్ నంబర్ సరిపోతుంది.

సబ్మిట్ చేసే ముందు మీతో పనిచేసే సీనియర్‌కు ఒకసారి చూపించండి, భాష దిద్దమని కాదు, "ఇందులో మీరు ఒప్పుకోనిది ఏమైనా ఉందా అన్నా?" అని అడగడానికి. వీపీఎన్ రోజు మెయిల్ 7:25కి వెళ్లిందని మాకు చెప్పింది ఆయనే. ఆ అమ్మాయి 7:30 దాటిందనే అనుకుంటూ ఉండేది.

చివరగా, సబ్మిట్ అయ్యాక ఆ మూడు గళ్ల ఫైల్‌ను మూసేయకండి. కింద ఏప్రిల్ 1 అని కొత్త తేదీ వేసి, ప్రతి శుక్రవారం లాగౌట్ అయ్యేముందు ఒక లైను రాయండి.